‘అక్కా, వచ్చే నెల నుంచి టైం మారుతుంది!’

ఆఫీసులో మన షిఫ్ట్ మారితే ముందు మెయిల్ వస్తుంది. తర్వాత మేనేజర్ పిలిచి మాట్లాడతాడు. క్యాబ్ టైం మారుస్తారు. అయినా మనం క్యాంటీన్‌లో కూర్చుని గంటసేపు గొణుక్కుంటాం. అదే మన ఇంటికి పనికొచ్చే అక్క టైం మారాలంటే? ఆవిడ చెప్పులేసుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఒక మాట విసురుతాం: ‘ఆ... అక్కా, ఒకటో తారీఖు నుంచి ఏడింటికి వచ్చెయ్, సరేనా?’ ఆవిడ కూడా వెనక్కి తిరక్కుండానే ‘సరే మేడం’ అంటుంది. మన లెక్కలో పని అయిపోయింది. అసలు తలనొప్పి అయిదో తారీఖు నుంచి మొదలవుతుంది.

వారానికి మూడు, నాలుగు రోజులు ఆఫీసుకు రమ్మంటున్న కంపెనీలు పెరిగాక హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఈ టైం మార్పు గొడవ బాగా వినబడుతోంది. ‘మర్యాదగా ఎలా చెప్పాలి?’ అని అడిగేవాళ్లంతా మాటల గురించే ఆలోచిస్తారు. ‘ప్లీజ్’ అనాలా, ‘మీరు’ అనాలా, నవ్వుతూ చెప్పాలా అని. మాటలు రెండో సంగతి. ఏ రోజు చెప్పాం, చెప్పేముందు ఏం అడిగాం అన్నవే ఇందులో అసలు మర్యాద. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్‌లో ఉండే ఒక జంట ఈ మధ్యే ఈ పని చేశారు. వాళ్లను అడిగే వివరాలు రాస్తున్నా.

ఇద్దరూ ఉద్యోగస్తులే. పిల్లలు లేరు. పనికొచ్చే అక్క రోజూ ఉదయం 9:30కి వచ్చి 10:45కి వెళ్లేది. గిన్నెలు తోమడం, ఇల్లు ఊడ్చి తుడవడం, మెషీన్‌లో బట్టలు తీసి ఆరేయడం ఆవిడ పని. ఆదివారం సెలవు. జీతం 4,500. వచ్చే నెల నుంచి భార్య సోమ, బుధ, శుక్రవారాలు ఆఫీసుకు వెళ్లాలి, 8:15కల్లా ఇంట్లోంచి బయటపడాలి. భర్తవి కూడా అవే ఆఫీసు రోజులు. మంగళ, గురువారాలు ఇద్దరూ ఇంటి నుంచే పని చేస్తారు. శనివారం సెలవు. ఎవరికైనా మొదట తట్టేదే వాళ్లకీ తట్టింది: ‘అక్కని ఏడింటికి రమ్మందాం.’

ఏడు అనేది మనకు ఒక టైం, అంతే. ఆవిడకి మాత్రం అదివరకే నిండిపోయిన గంట. ఈ అక్క రోజు ఇలా ఉంటుంది. ఇరవై నిమిషాల నడక దూరంలో ఉన్న బస్తీ నుంచి ఆరు దాటగానే బయల్దేరుతుంది. 6:30కి మొదటి ఇల్లు. అక్కడ ఉండేది పెద్దవాళ్లు. బామ్మగారు దీపం పెట్టేలోపు ఇల్లంతా ఊడ్చి తుడిచేయాలి. 7:30కి అక్కడ ముగించుకుని 7:45కి రెండో ఇంటికి వెళ్తుంది. ఆ ఇంట్లో వంట కూడా ఆవిడదే. పిల్లల స్కూల్ బస్సు 8:30కి వస్తుంది, ఆలోపు టిఫిన్, బాక్సులు రెడీ కావాలి. 9:15 దాకా అక్కడే. 9:30కి మనవాళ్ల ఇల్లు. 11 నుంచి 12:30 దాకా నాలుగో ఇల్లు. తర్వాత ఇంటికెళ్లి తిని, కాస్త నడుం వాల్చి, మళ్లీ సాయంత్రం 4:30కి రెండో ఇంటికే వస్తుంది, గంటసేపు గిన్నెలూ వంటగదీ చూసుకోవడానికి. అన్ని ఇళ్లూ ఇదే కాంప్లెక్స్‌లో ఉన్నాయి కాబట్టి ఇది సాగుతోంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది డిపెండెన్సీల గొలుసు. ఏడింటికి రమ్మంటే మొదటి ఇంట్లో అరగంట పోతుంది, రెండో ఇంట్లో టిఫిన్ టైం మొత్తం పోతుంది. ఆ రెండో ఇల్లే ఆవిడకి నెలకు 7,000 ఇస్తుంది. 4,500 ఇచ్చే ఇంటి కోసం 7,000 ఇచ్చే ఇంటిని ఎవరు వదులుకుంటారు? అయినా అడగ్గానే ‘కాదు’ అనదు. అనలేదు. అందుకే ఆ ‘సరే మేడం’.

కాబట్టి మొదటి మెట్టు మనం చెప్పడం కాదు, ఆవిడ రోజు గురించి అడగడం. అదీ ఆరా తీసినట్టు కాదు. మనం మన అవసరం చెప్పాలి, ఆవిడ తన రోజు చెప్పాలి. గేట్ యాప్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ఒక చిన్న పని ముందే చేసుకోవచ్చు. గత నెలలో ఆవిడ నిజంగా ఎన్నింటికి లోపలికొచ్చిందో, ఎన్నింటికి వెళ్లిందో ఎంట్రీల్లో ఉంటుంది. మనం 9:30 అనుకుంటున్నది రోజూ 9:40 కావొచ్చు. మాట్లాడేటప్పుడు మనసులో ఉండాల్సింది ఆ నిజమైన టైం. అయితే ఆ ఎంట్రీలు మన అవగాహన కోసమే. ఫోన్ తీసి ‘చూడు, పద్నాలుగో తారీఖున పది నిమిషాలు లేటు’ అన్నారంటే మాట అక్కడితో ఆగిపోతుంది, వాదన మొదలవుతుంది.

ఇక ఎప్పుడు చెప్పాలన్నది. మన దగ్గర పని ఒప్పందాలన్నీ ఒకటో తారీఖుకే మొదలై ముగుస్తాయి. ఎక్కడైనా ఇల్లు ఖాళీ అయితే, కొత్తవాళ్లు దిగితే, పనివాళ్ల మధ్య ఆ కబురు నెల మధ్యలోనే తిరగడం మొదలవుతుంది. ఎవరో ఒకరు వాచ్‌మన్‌ని అడుగుతారు, వాచ్‌మన్ భార్య ఇంకొకరికి చెబుతుంది, ఇరవయ్యో తారీఖు దాటేసరికి మంచి టైంలన్నీ నిండిపోతాయి. 28న చెప్పామంటే ఆవిడకి మిగిలేవి రెండే దారులు. కష్టమైనా ఒప్పుకోవడం, లేదంటే ఒక ఇల్లు పోగొట్టుకోవడం. పదో తారీఖుకి చెబితే మిగతా ఇళ్లతో మాట్లాడుకోవడానికి, కుదరకపోతే ఇంకో ఇల్లు చూసుకోవడానికి మూడు వారాలు ఉంటాయి. మనకీ అంతే, ఆవిడ కాదంటే వేరేవాళ్లని వెతుక్కోవడానికి టైం ఉంటుంది. జీతం చేతిలో పెట్టే రోజు మాత్రం ఈ మాట ఎత్తకపోవడమే మంచిది. డబ్బులిస్తూ కొత్త షరతు చెబితే, అది జీతంతో ముడిపెట్టినట్టే వినబడుతుంది.

ఇంకో జాగ్రత్త. ఆవిడకి చెప్పకముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ‘ఉదయం ఏడింటికి వచ్చే మెయిడ్ కావాలి, ఎవరైనా ఉంటే చెప్పండి’ అని పెట్టారనుకోండి. ఆ కబురు మీ లిఫ్ట్ కంటే ముందే కిందికి చేరుతుంది. పొద్దున్న ఆవిడ మీ ఇంట్లో అడుగుపెట్టేసరికే ‘నన్ను మానిపిస్తున్నారట’ అని తెలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎంత మర్యాదగా చెప్పినా నమ్మదు. వాచ్‌మన్‌ని కూడా అప్పుడే అడగొద్దు.

మనవాళ్లు పదో తారీఖుకి చెప్పాలనుకున్నారు. ముందురోజు భార్య అన్న మాట ఇంతే: ‘అక్కా, రేపు పనయ్యాక ఒక పది నిమిషాలు కూర్చుంటావా? టైం గురించి కొంచెం మాట్లాడాలి. పని మానెయ్యమని కాదు, కంగారుపడకు.’ ఆ చివరి ముక్క చాలా అవసరం. ‘రేపు మాట్లాడాలి’ అని ఊరుకుంటే ఆ రాత్రంతా ఆవిడకి నిద్ర పట్టదు. మేనేజర్ ‘రేపు ఒకసారి కలుద్దాం’ అని మెసేజ్ పెట్టి కారణం చెప్పకపోతే మనకి ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి.

నువ్వు, మీరు విషయంలో ఒక మాట. రోజూ ‘అక్కా, నువ్వు’ అని పిలిచే ఇంట్లో ఆరోజు ఒక్కసారిగా ‘మీరు’ అంటే ఆవిడకి గౌరవంలా వినిపించదు, ఏదో తేడా జరుగుతోందని అనుమానం వస్తుంది. వయసులో పెద్దావిడని మొదటి రోజు నుంచే ‘మీరు’ అంటే బాగుంటుంది. ఇప్పటిదాకా అనకపోతే టైం మార్చే రోజున మాత్రం మొదలుపెట్టకండి. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టడం, మనం ఫోన్ పక్కన పెట్టడం, ఈ రెండూ ఆ పిలుపు కంటే ఎక్కువ చెబుతాయి. ఇంట్లో ఎంతమంది ఉన్నా మాట్లాడేది ఒక్కరే అయ్యుండాలి. ముఖ్యంగా నలుగురు కుర్రాళ్లు కలిసుండే ఫ్లాట్లలో ఒకడు ఏడు అంటాడు, ఇంకొకడు ‘ఏడున్నరైనా పర్లేదక్కా’ అంటాడు, మూడోవాడు అసలు నిద్రే లేవడు. ఆవిడ ముగ్గురి మాటా విని, తనకి వీలైనప్పుడు వస్తుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు.

మర్నాడు మాట్లాడినప్పుడు భార్య మూడు ముక్కల్లో చెప్పింది. ఎందుకు మారుతోందో చెప్పింది: ‘వచ్చే నెల నుంచి సోమ, బుధ, శుక్రవారాలు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాలి, ఎనిమిదింపావుకల్లా బయల్దేరాలి.’ ఏది మారడం లేదో చెప్పింది: ‘పని అదే, జీతం తగ్గదు, ఆదివారం సెలవూ అలాగే ఉంటుంది.’ ఆ తర్వాత అడిగింది: ‘మేం ఏడింటికి అనుకుంటున్నాం. కానీ ఆ టైంకి నీకు వేరే ఇల్లు ఉందేమో, నువ్వే చెప్పు.’ ఇక్కడ తేడా చూడండి. ‘ఏడింటికి వస్తావా?’ అని అడిగితే జవాబు ‘సరే’ తప్ప ఇంకోటి రాదు. ‘ఆ టైంకి వేరే ఇల్లు ఉందా?’ అని అడిగితే ‘ఉంది మేడం’ అనడానికి దారి దొరుకుతుంది. రెండో ప్రశ్నకి ‘ఉంది’ అనడం కాదనడం కాదు కదా, ఉన్న సంగతి చెప్పడమే.

పైన రాసిన గొలుసంతా అప్పుడే బయటపడింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో పని చేస్తున్నా ఆవిడ ఆరింటికి ఇల్లు వదులుతుందని వీళ్లకి తెలీదు. అంతా చెప్పాక ఆ అక్కే ఎదురు అడిగింది: ‘పొద్దుగాల ఏడింటికే ఎందుకు మేడం? మీరు ఇంట్ల ఉండాలె, గంతే కదా? సాయంత్రం వస్తే కాదా?’

భార్యాభర్తలిద్దరూ మొహాలు చూసుకున్నారట. నిజమే, వాళ్లకి కావాల్సింది ఏడు గంటలు కాదు. తాళం ఇవ్వడం వాళ్లకి ఇష్టం లేదు, ఆవిడకీ ఆ బాధ్యత ఇష్టం లేదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉన్నప్పుడు పని జరగాలి, రాత్రి వంటకి గిన్నెలు ఉండాలి, అంతే. ఆఫీసు రోజుల్లో భార్య సాయంత్రం 6:15కి తిరిగొస్తుంది. ఆవిడ అప్పటికే రెండో ఇంటి పని కోసం కాంప్లెక్స్‌లోనే ఉంటుంది. మనం టైం చెప్పి మొదలుపెడితే ఆ టైం చుట్టూనే బేరం జరుగుతుంది. అవసరం చెప్పి మొదలుపెడితే మనకి తట్టని దారి అవతలివాళ్లకి తట్టొచ్చు. ఏ ఇంట్లో ఏ గంట కదులుతుందో, ఏది కదలదో ఆవిడకి తెలిసినంత మనకి తెలీదు మరి.

వెంటనే ఒప్పేసుకుంటే మాత్రం మళ్లీ తప్పేవాళ్లు. ఎందుకంటే ఇందులో రెండు ఖాళీలున్నాయి. ఆ మూడు రోజులు ఉదయం 9:15కి రెండో ఇల్లు అయ్యాక 11 దాకా ఆవిడకి పని లేదు. సాయంత్రం 5:30కి రెండో ఇల్లు అయ్యాక 6:15 దాకా మళ్లీ ఖాళీ. ఇళ్ల పనుల్లో ఎవరూ లెక్కేయనిది ఈ ఖాళీనే. ఇంటికెళ్లి రావడానికి నలభై నిమిషాలు నడవాలి, కూర్చుందామంటే కాంప్లెక్స్‌లో చోటుండదు, సెల్లార్‌లో మెట్ల మీద కూర్చోవాలి. ఆ టైంకి జీతం లేదు, విశ్రాంతీ లేదు. మన ఇంట్లో పనిచేసే టైం నిమిషం కూడా పెరగకపోయినా ఆవిడ రోజు పొడుగైపోతుంది. ‘పని పెంచలేదు కదా, డబ్బులెందుకు పెంచాలి?’ అని అడిగేవాళ్లు చూడనిది ఇదే.

భార్య అప్పుడే తేల్చమనలేదు. ‘వాళ్లిద్దరితో మాట్లాడి రెండు మూడు రోజుల్లో చెప్పు. కావాలంటే నేనూ మాట్లాడతా’ అంది. ‘వద్దు మేడం, నేనే అడుగుత’ అందట. అది సరైన పద్ధతే. మనం వెళ్లి పక్క ఫ్లాట్ వాళ్లతో మాట్లాడితే అది ఇద్దరు యజమానులు కలిసి ఆవిడ టైం పంచుకున్నట్టు అవుతుంది. సాయం చేస్తాననడం వరకే మన పని, చేయమంటేనే చేయాలి.

ఇక్కడే ఇంకో మాట కూడా భార్య గుర్తుపెట్టుకుని చెప్పింది. ఆవిడ కూతురి కాలేజీ ఫీజు కోసం ఈ ఇంటి నుంచి 6,000 అడ్వాన్స్ తీసుకుంది, నెలకు వెయ్యి చొప్పున కట్ అవుతోంది. అడ్వాన్స్ బాకీ ఉన్న మనిషి కాదనలేదు. మనం ఆ సంగతి ఎత్తకపోయినా ఆవిడ మనసులో అదే తిరుగుతుంటుంది, ‘వద్దంటే మొత్తం ఒకేసారి ఇమ్మంటారేమో’ అని. అందుకే, ‘ఒకవేళ నీకు ఈ టైం కుదరకపోయినా అడ్వాన్స్ ఎప్పట్లాగే మెల్లగా ఇచ్చుకో, దానికీ దీనికీ సంబంధం లేదు’ అని నోరు తెరిచి చెప్పేసింది. నన్నడిగితే ఆ మొత్తం సంభాషణలో బాగా పనిచేసిన వాక్యం అదే.

పదమూడో తారీఖుకి ఆవిడ జవాబు తెచ్చింది. నాలుగో ఇంట్లో అమ్మగారు ఇంటిపట్టునే ఉంటారు, సోమ, బుధ, శుక్రవారాలు 11కి బదులు 9:30కే రమ్మన్నారు. అంటే ఆ మూడు రోజులు 11కల్లా ఆవిడ ఇంటిదారి పట్టొచ్చు. సాయంత్రం రెండో ఇంటివాళ్లు 4:30కి బదులు అయిదింటికి రావడానికి ఒప్పుకున్నారు. కాబట్టి అక్కడ ఆరింటికి అవుతుంది. ఇక 6:15 దాకా మిగిలింది పావుగంట ఖాళీ మాత్రమే.

ఆ పావుగంటకి వాళ్లు లెక్క కట్టారు. రోజుకి గంటంపావు చొప్పున నెలకు 26 రోజులంటే ముప్ఫై రెండున్నర గంటల పని. 4,500ని దానితో భాగిస్తే గంటకి 138 రూపాయల పైచిలుకు. నెలకి పదమూడు సాయంత్రాలు, పావుగంట చొప్పున మూడుంపావు గంటల ఖాళీ. దాని విలువ 450. గుండుగా 500 కలిపి జీతం 5,000 చేశారు. ఇదేదో పెద్ద మనసుతో చేసిన పని అని వాళ్లూ అనుకోలేదు. ఆవిడ అడిగేలోపు లెక్క వాళ్లే చెప్పడం వల్ల బేరమాడే పని తప్పింది. ఇదే 45 నిమిషాల ఖాళీ అయితే దాదాపు పది గంటలు, అంటే 1,350 అయ్యేది. రెండో ఇల్లు అరగంట కదలడం వల్ల ఎంత తగ్గిందో చూశారుగా.

వేళలు మార్చడం, గంటలు పెంచడం, పని పెంచడం అనేవి మూడు వేరువేరు సంగతులు. ‘ఒక గంట ముందొచ్చెయ్ అక్కా, ఎలాగూ ముందే వస్తున్నావు కాబట్టి రెండు చపాతీలు కూడా చేసెయ్’ అన్నామంటే, మొదటి మాటకి ఊపిన తలని రెండో మాటకి కూడా వాడుకుంటున్నాం. వంట కావాలంటే అది వేరే రోజు, వేరే జీతంతో మాట్లాడాలి. గంటలు తగ్గించాల్సి వచ్చినప్పుడు కూడా ముందు ఈ లెక్కే చూడాలి. రోజు విడిచి రోజు రమ్మంటే జీతం సగం చేయడం కాగితం మీద సబబుగానే కనిపిస్తుంది. కానీ ఖాళీ అయిన ఆ మూడు గంటంపావులకి వారంలో మూడే రోజులు పనిచ్చే ఇల్లు ఆవిడకి సులభంగా దొరకదు. మార్పు మన వల్ల వచ్చినప్పుడు మొదటి నెల పాత జీతమే ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.

ఇదంతా ఎక్కడైనా రాతలో ఉండాలా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపని వాళ్ల కోసం 189వ ఒడంబడిక తెచ్చింది. పని షరతులు, అందులో రోజువారీ పనివేళలు, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలని, వీలైతే రాసి ఇవ్వాలని అందులో ఉంది. భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది గానీ ఇంతవరకు ఆమోదించి అమలుకి తేలేదు. కాబట్టి మన ఇళ్లలో ఉన్నది నోటి మాటే. అలాగని రెండు పేజీల అగ్రిమెంట్ తీసి సంతకం పెట్టమంటే ఆవిడ భయపడిపోతుంది. మనవాళ్లు ఒక వాయిస్ మెసేజ్ పంపారు: ‘అక్కా, మనం అనుకున్నదే మళ్లీ చెబుతున్నా. ఒకటో తారీఖు నుంచి సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరుంపావుకి. మంగళ, గురు, శనివారాలు ఎప్పట్లాగే పొద్దున తొమ్మిదిన్నరకి. ఆదివారం సెలవు. జీతం అయిదువేలు. ఏదైనా తేడా ఉంటే చెప్పు.’ ఇరవై సెకన్ల మెసేజ్. చదవడం రాకపోయినా వినొచ్చు, ఇంట్లోవాళ్లకి వినిపించొచ్చు. తర్వాత ఎవరు మర్చిపోయినా ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది. అయితే ఇది మాట్లాడాక పంపాల్సింది, మాట్లాడే బదులు పంపాల్సింది కాదు.

పదిహేను రోజులు చూసి మళ్లీ మాట్లాడుకుందామని కూడా ముందే అనుకున్నారు. కొత్త టైం నిజంగా కుదిరిందో లేదో ఆ పదిహేను రోజుల్లో తెలుస్తుంది. ఎలా తెలుస్తుందంటే ఆలస్యాన్ని బట్టే. రోజూ దాదాపు ఒకే రకంగా, పది పన్నెండు నిమిషాలు లేటుగా వస్తుంటే ముందు ఇంట్లో పని తెమలడం లేదన్నమాట. అది గొలుసు సమస్య, టైం పావుగంట జరిపితే పోతుంది. ఒకరోజు సరిగ్గా వచ్చి, ఇంకోరోజు నలభై నిమిషాలు లేటైతే కారణం ఇంటి దగ్గర ఉంటుంది. చాలా బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ రోజు నీళ్లు పట్టుకోకుండా ఎవరూ కదల్లేరు. మూడోది కూడా ఉంది. టైంకే వస్తుంది గానీ గంటంపావు పని నలభై నిమిషాల్లో ముగుస్తుంది, సోఫా కింద చీపురు పోదు, తడిగుడ్డ మూలలకి తగలదు. అంటే తర్వాత ఇంకెక్కడికో పరుగెత్తాల్సి ఉంది, మనకి చెప్పలేకపోతోంది. ఈ మూడింటికీ ‘ఈ మధ్య నువ్వు సరిగ్గా చేయట్లేదు’ అని మొదలుపెడితే కారణం ఎప్పటికీ బయటికి రాదు. ‘ఈ టైం నీకు ఇబ్బందిగా ఉందా అక్కా?’ అంటే వస్తుంది.

అసలు కుదరకపోతే? కుదరని సందర్భాలుంటాయి. చంటిపిల్లలున్న ఇంట్లో ఉదయం ఏడింటి మనిషి ఏడింటికే కావాలి, సాయంత్రం వస్తే పని జరగదు. అప్పుడు ఆవిడకి సూటిగా చెప్పి, నెలాఖరు దాకా పాత టైంకే రమ్మని, పూర్తి జీతం ఇవ్వాలి. ఆవిడ ఖాళీ అవుతున్న టైం గురించి గ్రూప్‌లో మంచి మాట రాయాలి: ‘రెండేళ్లుగా మా ఇంట్లో చేస్తున్నారు, 9:30 నుంచి ఖాళీ, నమ్మకమైన మనిషి.’ ‘మెయిడ్ కావాలి’ అని పెట్టే ముందు ఈ మెసేజ్ పెడితే రెండో మెసేజ్‌కి మనుషులు తొందరగా దొరుకుతారు కూడా. పనివాళ్లు కూడా ఇళ్ల గురించి మాట్లాడుకుంటారు మరి.

మనవాళ్ల దగ్గర మొదటి పదిహేను రోజుల్లో ఒకటే చిక్కు వచ్చింది, అదీ ఆవిడ వైపు నుంచి కాదు. రెండో శుక్రవారం వాన పడి, భార్య ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయింది. ఇంటికి చేరేసరికి ఏడు. ఆ అక్క ముప్పావుగంట సేపు తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఉంది. పదిహేనో రోజున మళ్లీ మాట్లాడుకున్నప్పుడు దీనికో పద్ధతి పెట్టుకున్నారు. ఆలస్యమయ్యేలా ఉంటే 5:45లోపు ఫోన్ చేసి చెప్పాలి. 6:30 దాటినా ఎవరూ రాకపోతే ఆవిడ ఇంటికి వెళ్లిపోవచ్చు, ఆరోజు పనికి వచ్చినట్టే లెక్క.

‘మరి ఆరోజు గిన్నెలు?’ అని నేను అడిగితే, ‘ఆరోజు మా ఆయన తోముతాడు’ అంది ఆవిడ. ఆయన పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు.